లౌకికీకరణ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ వ్యాసం రాయడం ఎలా? తిరుమల క్యూ ఒక్కటే ఎందుకు చాలదు?

నేను తిరుపతిలో పీజీ పిల్లలకి సోషియాలజీ చెబుతాను. ఏటా అసైన్‌మెంట్ల కాలం రాగానే ఒకే ప్రశ్న వస్తుంది. "సార్, ఆధునికత పెరిగితే మతం తగ్గిపోతుందని లౌకికీకరణ సిద్ధాంతం చెప్పినవాళ్లు రాశారు. పొద్దున్నే అలిపిరి దగ్గర నిలబడితే అది తప్పని తెలిసిపోతుంది కదా. ఇంక రెండు వేల పదాలు ఏం రాయాలి?"

గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ సోషియాలజీ చదివేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒక పద్ధతిగా రాసి పెడుతున్నాను. రెండు వేల పదాల వ్యాసాన్ని మనసులో పెట్టుకుని రాశాను. మీది చిన్నదైతే ప్రాంతాల సంఖ్య తగ్గించుకోండి, మెట్లు మాత్రం ఇవే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- సిద్ధాంతాన్ని ఒప్పుకునే ఒక రచయిత. స్టీవ్ బ్రూస్ అయితే మంచిది, ఈ రోజుకీ దాన్ని గట్టిగా సమర్థించేవాళ్లలో ఆయన ముఖ్యుడు.
- సిద్ధాంతాన్ని ముక్కలుగా విడదీసిన ఒక రచయిత. హోసే కాసనోవా 1994లో చేసిన విభజన చాలు.
- నాలుగు ప్రాంతాలు. నేను ఇంగ్లండ్-వేల్స్, అమెరికా, బ్రెజిల్, మన తిరుమల తీసుకుంటున్నాను.
- వాడే ప్రతి అంకెకీ సంవత్సరం, ఎవరు లెక్కపెట్టారు, ఏ ప్రశ్న అడిగారు అన్న మూడు వివరాలు.
- ఒక తెల్లకాగితం. దాని మీద పట్టిక గీయాలి.

1. లౌకికవాదాన్నీ లౌకికీకరణనీ వేరు చేయండి

తెలుగులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మనవాళ్లకి ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. లౌకికవాదం అంటే రాజ్యం మతం పట్ల ఎలా నడుచుకోవాలి అన్న విధానం. లౌకికీకరణ అంటే సమాజంలో మతానికి ఉన్న పట్టు సడలిపోయే క్రమం. మొదటిది ఎలా ఉండాలి అన్న మాట, రెండోది ఏం జరుగుతోంది అన్న మాట. ఒక దేశంలో లౌకికవాదం చట్టంలో ఉండి లౌకికీకరణ జరగకపోవచ్చు. అధికార మతం ఉన్న దేశంలో జనం గుడి ముఖం చూడకుండానూ ఉండవచ్చు.

జాగ్రత్త: మీ మొదటి పేరాలో ప్రవేశికలో లౌకిక అన్న మాట చేర్చిన 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ వచ్చిందంటే మీరు వేరే వ్యాసం రాస్తున్నారు. దాన్ని కొట్టేయండి.

2. సిద్ధాంతాన్ని దాని బలమైన రూపంలో చెప్పండి

విమర్శించమన్నారు కదా అని దాన్ని పిచ్చి వాదనలా చూపించకూడదు. "దేవుణ్ణి ఎవరూ నమ్మరని వాళ్లు చెప్పారు" అని రాస్తే, చెప్పని మాటని ఖండించినట్టు అవుతుంది. బ్రయాన్ విల్సన్ 1966లో చెప్పింది, మతపరమైన ఆలోచన, ఆచరణ, సంస్థలు సామాజిక ప్రాముఖ్యాన్ని కోల్పోతాయని. గమనించండి, ఆయన మాట వ్యక్తి మనసు గురించి కాదు, సమాజంలో మతానికి ఉన్న బరువు గురించి. దీని వెనక మాక్స్ వెబర్ ఆలోచన ఉంది. లెక్క, నియమం, సాంకేతికత పెరిగే కొద్దీ లోకం మీద ఉన్న మాయ తొలగిపోతుందని ఆయన అన్నాడు. 1967లో పీటర్ బెర్గర్ ఇంకో ముక్క కలిపాడు. ఒకే ఊళ్లో పది మతాలు పోటీపడితే ఏ ఒక్కటీ తిరుగులేని సత్యంలా కనబడదని, కాబట్టి నమ్మకం బలహీనపడుతుందని.

ఇప్పుడు కాసనోవా విభజన. సిద్ధాంతం ఒకే మాటలా వినిపిస్తుంది కానీ అందులో మూడు వేరువేరు మాటలు ఉన్నాయని ఆయన చూపించాడు. ఒకటి, విడివడటం: రాజ్యం, చదువు, వైద్యం, వ్యాపారం మతం అదుపులోంచి బయటికి రావడం. రెండు, తగ్గడం: నమ్మేవాళ్లు, పాటించేవాళ్లు తగ్గడం. మూడు, ఇంటికి పరిమితం కావడం: మతం బహిరంగ జీవితంలోంచి తప్పుకుని సొంత విషయంగా మిగలడం.

మీ వ్యాసం మొత్తం ఈ మూడు అంకెల మీద నడుస్తుంది. రుజువు ఏదైనా సరే, అది తగిలేది ఈ మూడింటిలో ఏదో ఒకదానికే. మిగతా రెండూ దానివల్ల కదలవు.

3. పట్టిక గీయండి

కాగితం మీద అడ్డంగా మూడు గళ్లు: విడివడటం, తగ్గడం, ఇంటికి పరిమితం. నిలువుగా నాలుగు ప్రాంతాలు. పన్నెండు గళ్లు వస్తాయి. ప్రతి గడిలోనూ ఒక వాక్యం రాయడానికి ప్రయత్నించండి. దొరకని గడిని ఖాళీగా వదిలేయండి, బలవంతంగా నింపొద్దు. వ్యాసంలో పట్టికని అతికించక్కర్లేదు, అది మీ కోసమే.

గళ్లు నిండాక ఒక విషయం కనబడుతుంది. మూడు ముక్కలూ ఎక్కడా ఒకే అడుగు వేయడం లేదు. ఒక దేశంలో ఒకటి జరిగింది, రెండోది జరగలేదు. ఇంకో దేశంలో తలకిందులుగా ఉంది. ఆధునికత అనే ఒక్క కారణం మూడింటినీ ఒకేసారి లాక్కెళుతుంది అన్నది నిజమైతే ఇలా ఉండకూడదు. మీ వ్యాసానికి ప్రధాన వాదన ఇదే కావాలి. "మతం ఇంకా ఉంది" అన్నది వాదన కాదు, అది ఎవరూ కాదనలేదు.

4. ఇంగ్లండ్‌తో మొదలుపెట్టండి, ఎదుటివారికి దక్కవలసింది ఇవ్వండి

విమర్శ వ్యాసంలో మొదటి ప్రాంతం సిద్ధాంతానికి అనుకూలమైనది కావాలి. ఇంగ్లండ్-వేల్స్ జనగణనలో 2001లో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 71.7 శాతం. 2021కి 46.2 శాతం. ఏ మతమూ లేదన్నవాళ్లు అదే కాలంలో 14.8 నుంచి 37.2 శాతానికి చేరారు. రెండో గడిలో ఇంతకంటే స్పష్టమైన అంకె దొరకదు. దీన్ని దాచి రాసిన వ్యాసం నిలబడదు.

ఇదే ఇంగ్లండ్‌లో మొదటి గడి చూడండి. అక్కడి చర్చికి రాజే అధిపతి. చట్టసభ ఎగువ సభలో 26 మంది బిషప్పులు హోదా రీత్యా కూర్చుంటారు. అంటే జనంలో మతం బాగా తగ్గిన చోట, రాజ్యం నుంచి మతం విడివడటం చట్టంలో పూర్తి కాలేదు. ఈ ఒక్క పొంతన లేనితనాన్ని రెండు మూడు వాక్యాల్లో నెమ్మదిగా చెప్పండి, హడావిడిగా దాటిపోవద్దు.

ఇక్కడ చాలామంది గ్రేస్ డేవీ మాట తెస్తారు: చర్చికి వెళ్లకపోయినా నమ్మకం మిగిలే ఉంటుందని. తెచ్చుకోవచ్చు. కానీ జనగణనలో మతం లేదనేవాళ్లే ఇంతగా పెరిగిన చోట ఆ మాట ఒక్కదాని మీదే ఆధారపడకండి. 1990లలో ఉన్నంత బలం దానికి ఇప్పుడు లేదన్నది నా అభిప్రాయం.

5. అమెరికాని పాత నోట్స్‌లోంచి ఎత్తి రాయకండి

పాత గైడ్లలో ఒక వాక్యం తరతరాలుగా నడుస్తోంది: "అత్యంత ఆధునిక దేశమైన అమెరికాలో నలభై శాతం మంది ప్రతి వారం చర్చికి వెళతారు, కాబట్టి సిద్ధాంతం తప్పు." ఇందులో రెండు లోపాలున్నాయి.

మొదటిది కొలతకి సంబంధించినది. ఆ నలభై శాతం జనం సర్వేలో చెప్పుకున్న మాట. 1993లో హాడవే, మార్లర్, చేవ్స్ అనే ముగ్గురు పరిశోధకులు చర్చిల్లో తలలు లెక్కపెట్టిన సమాచారంతో దాన్ని సరిచూశారు. నిజంగా వెళ్లేవాళ్లు చెప్పుకున్న దానిలో దాదాపు సగమే అని తేలింది. అయితే దీన్ని ఊరికే "జనం అబద్ధం చెబుతారు" అని ముగించకండి. వెళ్లకపోయినా వెళ్లానని చెప్పుకోవాలనిపించడం కూడా మతానికి ఆ సమాజంలో ఇంకా గౌరవం ఉందని చూపిస్తుంది. ఆ వాక్యం రాస్తే మీరు అంకెని చదివారని దిద్దేవాళ్లకి తెలుస్తుంది.

రెండో లోపం కాలానికి సంబంధించినది. ప్యూ సంస్థ సర్వేల్లో 2007లో ఏ మతానికీ చెందమన్నవాళ్లు 16 శాతం. 2023-24కి 29 శాతం. ఒకప్పుడు సిద్ధాంతానికి ఎదురుగా నిలబెట్టిన పెద్ద ఉదాహరణ ఇప్పుడు అటువైపు కొంత జరిగింది. దీన్ని దాచకుండా చెప్పాలి. అయినా మీ వాదన పోదు, ఎందుకంటే మొదటి గడిలో అమెరికా ఎప్పుడో ముందుంది: 1791 నాటి మొదటి రాజ్యాంగ సవరణే కేంద్ర ప్రభుత్వం అధికార మతాన్ని పెట్టకుండా నిషేధించింది. విడివడటం జరిగి రెండు వందల ఏళ్లు దాటాక గానీ తగ్గడం కనబడలేదు. మూడో గడి ఇంకా జరగనే లేదు, అక్కడి ఎన్నికల్లో మతం గట్టిగా వినిపిస్తూనే ఉంది.

6. బ్రెజిల్‌ని ఒక పనికే వాడండి

బ్రెజిల్ బెర్గర్ చెప్పిన పోటీ వాదనని పరీక్షించడానికి పనికొస్తుంది. 1970లో జనాభాలో పదింట తొమ్మిది మందికి పైగా కాథలిక్కులు. 2022 జనగణనలో 56.7 శాతం. అంకె ఒక్కటే చూస్తే ఇంగ్లండ్ కథే అనిపిస్తుంది. తొందరపడకండి. అదే 2022లో ప్రొటెస్టంట్ శాఖకి చెందిన ఎవాంజెలికల్ క్రైస్తవులు 26.9 శాతం, మతం లేదన్నవాళ్లు 9.3 శాతం. అంటే కాథలిక్ చర్చి వదిలిన జనంలో ఎక్కువ భాగం మతాన్ని వదల్లేదు, గుడి మారారు. పోటీ వచ్చాక మతం చల్లబడాలి కదా, ఇక్కడ కొత్త చర్చిల్లో వేడి పెరిగింది. పైగా ఆ చర్చిల మద్దతుతో గెలిచినవాళ్లు పార్లమెంటులో ఒక బృందంగా పనిచేస్తారు, కాబట్టి మూడో గడి కూడా పడిపోతుంది. మొదటి గడికొస్తే, చర్చి-రాజ్యం విడిపోయింది 1890లోనే.

ప్రత్యామ్నాయం: బ్రెజిల్ గురించి చదవడానికి ఏమీ దొరకకపోతే పోలండ్ తీసుకోండి. కమ్యూనిస్టు పాలన కాలంలో, 1980లో పుట్టిన సాలిడారిటీ కార్మిక ఉద్యమానికి కాథలిక్ చర్చి అండగా నిలిచింది. కానీ పోలండ్ మూడో గడికే బాగా సరిపోతుంది, పోటీ వాదనకి కాదు. ఏ ప్రాంతం ఏ గడికో మరిచిపోకండి.

7. ఇప్పుడు తిరుమల

చాలామంది ఇక్కడ మొదలుపెడతారు. నేను చివర పెట్టమంటాను, ఎందుకంటే ఇది మనకి అందరికంటే బాగా తెలిసిన చోటు, అందుకే ఇక్కడే ఎక్కువ జారిపోతాం.

ఒక విద్యార్థి రాసిన పేరా ఇలా ఉంది:

> "తిరుమలకి రోజూ దాదాపు డెబ్బై వేల మంది వస్తున్నారు. ఏటేటా ఈ సంఖ్య పెరుగుతోంది. హుండీ ఆదాయం కూడా పెరుగుతోంది. కాబట్టి భారతదేశంలో లౌకికీకరణ జరగలేదు, సిద్ధాంతం తప్పు."

ఒక్కో వాక్యాన్ని ఎదుటివాడిలా ప్రశ్నించండి. పెరుగుదల దేని మీద? 1951లో దేశ జనాభా 36 కోట్లు, 2011కి 121 కోట్లు. జనాభా అంతా మూడింతలు పైన పెరిగినప్పుడు క్యూ కూడా పెరుగుతుంది, భక్తి పెరగక్కర్లేదు. రెండో ప్రశ్న దారి గురించి. కొండ మీదికి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకు ముందు నడిచో, డోలీలోనో ఎక్కాలి. రోడ్డు, బస్సు, రైలు, ఇప్పుడు ఆన్‌లైన్ టికెట్: రావడం తేలికైంది కాబట్టి వస్తున్నారేమో. మూడోది, డెబ్బై వేలు అంటే డెబ్బై వేల దర్శనాలు. ఒకే మనిషి ఏడాదికి నాలుగుసార్లు వస్తే నాలుగు లెక్క. నాలుగోది హుండీ. రూపాయి విలువ మారుతుంది, కొద్దిమంది పెద్ద కానుకలు మొత్తాన్ని మార్చేస్తాయి. భక్తికి హుండీ కొలమానం కాదు, దాన్ని పూర్తిగా తీసేయండి.

సర్వేలు తెచ్చుకున్నా ఇదే జాగ్రత్త. 2019-20లో ప్యూ సంస్థ దేశంలో సుమారు 30,000 మందిని అడిగితే 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. మంచి అంకే, కానీ అది ఒక్క కాలానిది. తగ్గిందా పెరిగిందా అని చెప్పడానికి రెండు కాలాల అంకెలు కావాలి. దీనితో "నమ్మకం ఎక్కువగా ఉంది" అని రాయండి, "తగ్గలేదు" అని రాయకండి.

ఇంకో చిక్కు మరింత లోతైనది. ఇంగ్లండ్‌లో కొలిచినట్టు ఇక్కడ కొలవలేం. మనకి గుడిలో సభ్యత్వం లేదు, వారానికొకసారి హాజరు లేదు. గుడికే వెళ్లని మనిషి ఇంట్లో రోజూ దీపం పెట్టవచ్చు. ఎం.ఎన్. శ్రీనివాస్ 1966లోనే ఒక విషయం గుర్తించాడు. హిందువుల్లో లౌకికీకరణ ముందుగా కనబడింది మడి, మైల, అంటు లాంటి పట్టింపులు సడలడంలో. అదే సమయంలో రవాణా సౌకర్యాల వల్ల తీర్థయాత్రలు పెరిగాయి. అంటే ఒకే ఇంట్లో మడి తగ్గింది, యాత్ర పెరిగింది. ఇందులో ఏది లెక్కలోకి తీసుకుంటే మతం తగ్గినట్టు, ఏది తీసుకుంటే పెరిగినట్టు? కొలతబద్దే చర్చి నుంచి వచ్చిందన్న విమర్శ చేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మీ అవ్వ మడి గురించి, మీ అమ్మ మడి గురించి రెండు వాక్యాలు పరిశీలనగా రాసినా పనికొస్తుంది, అది పరిశీలన అని చెబితే చాలు.

మరి తిరుమల దేనికి గట్టి రుజువు? రెండింటికి.

ఒకటి, మొదటి గడికి. 1843లో ఈస్టిండియా కంపెనీ ఆలయ నిర్వహణ నుంచి తప్పుకుని హథీరాంజీ మఠం మహంతులకి అప్పగించింది. 1932 నాటి చట్టంతో అది మహంతుల చేతిలోంచి దేవస్థానం కమిటీకి వచ్చింది. ఈ రోజు కార్యనిర్వహణాధికారిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఆధునిక రాజ్యం మతం నుంచి దూరం జరగాలి. ఇక్కడ కంపెనీ కాలంలో ఒకసారి దూరం జరిగి, ఆధునిక చట్టాలు వచ్చాక మళ్లీ దగ్గరైంది. దేవస్థానం కాలేజీలు, ఆసుపత్రులు కూడా నడుపుతోంది. విడివడటం ఒకే దిక్కుకి సాగే ప్రయాణం కాదని చూపడానికి ఇది చాలు.

రెండోది వెబర్ మాటకి. ఈ ముక్కే నాకు అన్నిటికంటే ఇష్టం, దీన్ని చూపించడానికి పిల్లల్ని రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం దగ్గరికి తీసుకెళతాను. సర్వదర్శనం టోకెన్ ఇచ్చే కౌంటర్ ముందు వరుస. ఆధార్ కార్డు చూపించాలి, టోకెన్ మీద తేదీ, సమయం అచ్చయి వస్తాయి. వెబర్ చెప్పిన లెక్క, నియమం, గుమాస్తా వ్యవస్థ అంతా అక్కడుంది. ఒకసారి ఆ వరుసలో పసుపు గుడ్డలో ముడుపు కట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మా విద్యార్థిని పలకరిస్తే, "మనవడికి గుండెకి ఆపరేషన్ అయిందమ్మా. డాక్టరు బాగా చేసినాడు. మొక్కు తీర్చుకోవాల కదా" అంది. డాక్టరుకీ స్వామికీ మధ్య ఆమెకి పోటీ లేదు. డాక్టరు చేసింది డాక్టరు చేశాడు, మొక్కు మొక్కే. వ్యవస్థ అంతా లెక్క ప్రకారం నడుస్తున్నా మాయ తొలగలేదు. వెబర్ ఆ రెండూ కలిసి వస్తాయనుకున్నాడు. ఇక్కడ మొదటిది రెండోదానికి సేవ చేస్తోంది.

దీనికి పక్కబలంగా మిల్టన్ సింగర్ చెన్నైలో చేసిన పరిశోధన పెట్టుకోండి. అప్పటి మద్రాసు పారిశ్రామికవేత్తలు ఫ్యాక్టరీ పద్ధతుల్ని ఫ్యాక్టరీలో, ఆచారాన్ని ఇంట్లో ఉంచుకున్నారని, తమకి తీరిక లేని పూజల్ని ఇంట్లోవాళ్ల చేత, పురోహితుల చేత చేయించారని ఆయన రాశాడు. ఆచారం పొట్టిదైంది, పోలేదు. ఒక పెద్దావిడ మాట ఒక్కటే అయితే అది కథ, పరిశోధన పక్కన పెడితే ఉదాహరణ అవుతుంది.

ఇప్పుడు ఆ పేరాని ఇలా తిరగరాయవచ్చు:

> "తిరుమల యాత్రికుల సంఖ్య పెరగడం భక్తి పెరిగిందనడానికి నేరుగా రుజువు కాదు. జనాభా, రవాణా, ఒకరే పలుమార్లు రావడం కూడా కారణాలు కావచ్చు. అయితే ఘాట్ రోడ్డు, ఆన్‌లైన్ టికెట్, సమయం వేసిన టోకెన్ వంటి హేతుబద్ధమైన ఏర్పాట్లు భక్తిని పలచబరచకుండా దానికే ఉపయోగపడుతున్నాయి. అందుచేత హేతుబద్ధత పెరిగితే మతపరమైన భావన తప్పనిసరిగా తగ్గుతుందన్న వెబర్ అంచనా ఇక్కడ వర్తించడం లేదు."

రెండు పేరాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. రెండోది తక్కువ గొప్పలు చెబుతుంది, అందుకే దాన్ని పడగొట్టడం కష్టం. "తప్పనిసరిగా" అన్న మాట చూడండి. మీరు ఖండించేది ఆ తప్పనిసరినే.

8. సమర్థించేవాడి జవాబు మీరే రాయండి

బ్రూస్ మీ వ్యాసం చదివితే ఏమంటాడు? మతానికి వేరే పని దొరికిన చోట అది నిలబడుతుందంటాడు. ఒక జాతి తన గుర్తింపుని కాపాడుకోవడానికో, వలస వచ్చినవాళ్లు కొత్త చోట కుదురుకోవడానికో మతం పనికొస్తే క్షీణత ఆగుతుంది. ఆ పని తీరాక మళ్లీ మొదలవుతుంది. పోలండ్‌ని ఆయన అలాగే వివరిస్తాడు. నోరిస్, ఇంగిల్‌హార్ట్ 2004లో ఇంకో జవాబిచ్చారు: బతుకు భద్రత లేని సమాజాల్లో మతం బలంగా ఉంటుంది, భద్రత పెరిగితే తగ్గుతుంది. బ్రెజిల్, ఇండియా ఇంకా అక్కడికి చేరలేదు, అంతే.

ఈ జవాబుని ఒక పేరాలో నిజాయితీగా రాశాక మీ మాట చెప్పండి. నేనైతే ఇలా అడుగుతాను. భద్రత అంటే తిండి, ఆరోగ్యం, ప్రాణం గురించిన నిశ్చింత అయితే, మంచి జీతం ఉన్న ఇంజినీరు హైదరాబాద్ పక్కన చిలుకూరులో వీసా కోసం ప్రదక్షిణలు ఎందుకు చేస్తున్నాడు? ఆ ప్రదక్షిణల్ని ఆకలి పుట్టించలేదు. వీసా, ర్యాంకు, కట్-ఆఫ్ మార్కు అనేవి ఆధునిక జీవితమే తెచ్చిన టెన్షన్లు. ఆధునికత పాత భయాల్ని తీసేస్తూ కొత్తవి పెడుతోందేమో. ఇది నా వ్యాఖ్యానం. మీరు వాడుకుంటే వ్యాఖ్యానంగానే రాయండి. నోరిస్, ఇంగిల్‌హార్ట్ దేశాల్ని దేశాలతో పోల్చారు, ఒక్కో మనిషిని కాదు. ఒక ఇంజినీరుతో వాళ్ల లెక్క పడిపోదు, కానీ భద్రత అన్న మాటకి అర్థం ఏమిటని అడిగే హక్కు మీకు వస్తుంది.

తరచుగా జరిగే తప్పులు

బెర్గర్ 1999లో తన మాట వెనక్కి తీసుకున్నాడు కాబట్టి సిద్ధాంతం తప్పని రాయడం. రచయిత మనసు మార్చుకోవడం రుజువు కాదు. ఏ సమాచారం చూసి మార్చుకున్నాడో చెప్పండి, లేదంటే ఆ వాక్యం వదిలేయండి.

మత ఘర్షణల్నీ మత రాజకీయాల్నీ "మతం పెరిగింది" అనడానికి వాడటం. అవి మూడో గడికి రుజువు. రష్యాని చూడండి: తాము ఆర్థడాక్స్ క్రైస్తవులమన్నవాళ్లు 1991లో 31 శాతం, 2008లో 72 శాతం. నెలకొకసారైనా చర్చికి వెళ్లేవాళ్లు 2 నుంచి 7 శాతానికే పెరిగారు. జెండా పెరిగినంతగా పూజ పెరగలేదు.

నాలుగు ప్రాంతాల్ని నాలుగు చిన్న వ్యాసాల్లా వరసగా పెట్టడం. ప్రతి ప్రాంతం మొదటి వాక్యంలో ముందు ప్రాంతంతో పోలిక ఉండాలి. "బ్రెజిల్‌లోనూ పాత చర్చి బలం తగ్గింది, కానీ ఇంగ్లండ్‌లోలా ఖాళీ మిగల్లేదు" అని మొదలైతే దారం తెగదు.

ఐరోపా ఒక్కటే మినహాయింపు, మిగతా లోకం అంతా భక్తిమయం అని ముగించడం. దక్షిణ కొరియా అడ్డొస్తుంది. 2015 జనగణనలో అక్కడ సగానికి పైగా, 56 శాతం మంది, మతం లేదన్నారు.

రాశాక ఎలా సరిచూసుకోవాలి

పెన్సిల్ తీసుకుని ప్రతి రుజువు పక్కన మార్జిన్‌లో 1, 2, 3 వేయండి, అది ఏ ముక్కకి తగులుతుందో. అంకె వేయలేకపోతే ఆ వాక్యం అలంకారం, తీసేయండి. అన్నీ 2లే వస్తే మీరు జనం ఎంతమంది నమ్ముతున్నారన్న దాని మీదే రాశారు, పట్టిక దగ్గరికి వెళ్లండి.

తర్వాత "తగ్గింది", "పెరిగింది" అన్న మాటలన్నిటి కింద గీత గీయండి. ప్రతిదానికీ రెండు సంవత్సరాలు ఉన్నాయా? ఒక్కటే ఉంటే క్రియ మార్చండి.

ఆ తర్వాత దేశం పేరు మార్చి చదవండి. బ్రెజిల్ పేరాలో "బ్రెజిల్" తీసి "మెక్సికో" పెట్టినా బాగానే ఉందంటే, అందులో బ్రెజిల్ లేదన్నమాట.

చివరగా మీ ముగింపు వాక్యాన్ని సిద్ధాంతాన్ని నమ్మే స్నేహితుడికో హాస్టల్ రూమ్‌మేట్‌కో చదివి వినిపించండి. నా దగ్గర పిల్లలు చేరుకునే వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది: "పశ్చిమ ఐరోపాలో క్షీణత నిజం, అమెరికాలోనూ మొదలైంది. కానీ విడివడటం, తగ్గడం, ఇంటికి పరిమితం కావడం నాలుగు ప్రాంతాల్లోనూ కలిసి నడవలేదు కాబట్టి, ఆధునికతే వాటికి ఏకైక కారణమన్న భాగం నిలబడదు." విన్నవాడు "ఐతే ఇంగ్లండ్ సంగతేంటి?" అని అడిగితే, జవాబు మీ నాలుగో పేరాలో వేలు పెట్టి చూపించగలగాలి.